అకౌంట్స్ టీమ్‌కి పైథాన్ ట్రైనింగ్: తేదీ, లాప్‌టాప్‌లు, ముందే పూర్తి చేయాల్సిన పని ఎలా కుదర్చాలి?

శ్రావణి_ట్రైనింగ్ · మే 11, ఉదయం 10:20

అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో మందుల పంపిణీ కంపెనీ మాది. ఉద్యోగుల ట్రైనింగ్‌లు కుదర్చడం నా పని. మా అకౌంట్స్ వాళ్ళు ప్రతి నెలా జీఎస్టీ పోర్టల్ నుంచి 2బి, అంటే సప్లయర్లు మా పేరు మీద చూపించిన ఇన్‌వాయిస్‌ల జాబితా, దింపుకుని, దాన్ని మా పర్చేజ్ రిజిస్టర్‌తో ఒక్కో ఇన్‌వాయిస్ చొప్పున పోల్చుకుంటారు. ఎక్సెల్‌లో ఆ పనికి రోజులు పడుతున్నాయి. అదే పని పైథాన్‌తో చేయడం నేర్పించాలని మేనేజ్‌మెంట్ నిర్ణయించింది. నేర్పేది మా డేటా టీమ్‌లోని అబ్బాయే.

మొత్తం 24 మంది. జూన్ 12 శుక్రవారం, పొద్దున 9:30 నుంచి సాయంత్రం 5:30 దాకా అనుకున్నాను. మెయిల్‌లో ఈ మూడు లైన్లు రాశాను:

"ఎక్సెల్ ప్రాథమిక పరిజ్ఞానం ఉండాలి. ప్రతి ఒక్కరూ లాప్‌టాప్ తెచ్చుకోవాలి. పైథాన్ ముందే ఇన్‌స్టాల్ చేసుకుని రావాలి."

ఇది పంపే ముందు ఇలాంటివి నడిపిన వాళ్ళ మాట వినాలనిపించింది. ఇంతకు మించి ఏం రాయాలి? తేదీ సరిపోతుందా?

---

నవీన్_కోడ్ · మే 11, ఉదయం 10:48

ఇన్‌స్టాలేషన్ గొడవే వద్దండీ. గూగుల్ కోల్యాబ్ వాడేయండి. బ్రౌజర్ ఉంటే చాలు, పట్టికల పనికి వాడే పాండాస్ లైబ్రరీ అందులోనే ఉంటుంది. లాప్‌టాప్ పాతదైనా పర్లేదు. మా కాలేజీలో 60 మందికి అలాగే చెప్పారు, ఒక్కరికీ ఎర్రర్ రాలేదు.

---

అకౌంట్స్_పద్మ · మే 11, ఉదయం 11:35

శ్రావణి గారూ, నేను విజయవాడలో ఒక కంపెనీ అకౌంట్స్‌లో పనిచేస్తాను. తేదీ చూడగానే ఆగిపోయాను. జూన్ 12 దయచేసి వద్దు.

మా నెల ఎలా నడుస్తుందో చెప్తాను. 7వ తేదీకి టీడీఎస్ కట్టాలి. 11కి జీఎస్టీఆర్-1 వేయాలి. 14న 2బి వస్తుంది. 15కి పీఎఫ్, ఈఎస్‌ఐ. 20కి 3బి రిటర్న్. అంటే 12వ తేదీకి మేం జీఎస్టీఆర్-1 వేసి ఒక్క రోజు ఊపిరి పీల్చుకుంటాం, అంతే. పైగా జూన్ నెలలో 15కి అడ్వాన్స్ ట్యాక్స్ మొదటి వాయిదా ఉంది, ఉద్యోగులకి ఫారం 16 ఇవ్వడానికీ అదే గడువు. ఇంకొకటి, ఏటా స్కూళ్ళు తెరిచేది ఆ రోజుల్లోనే. పిల్లల్ని మొదటి రోజు దింపడానికి మా సెక్షన్‌లో సగం మంది ఆలస్యంగా వస్తారు, లేకపోతే సెలవు పెడతారు.

21 నుంచి 27 మధ్య పెట్టండి. జీతాల పని మొదలయ్యేలోపు మాకు దొరికే ఖాళీ అదే. రోజంతా కూర్చోబెట్టే బదులు రెండు పూటలు చేయండి. మధ్యాహ్నం తర్వాత బ్యాంకు నుంచో, సప్లయర్ల నుంచో ఫోన్లు వస్తూనే ఉంటాయి. మనిషి ట్రైనింగ్‌లో ఉన్నా చెవి ఫోన్ మీదే ఉంటుంది.

---

శ్రావణి_ట్రైనింగ్ · మే 11, మధ్యాహ్నం 12:10

పద్మ గారూ, చాలా థాంక్స్. ఈ తేదీలన్నీ ఇలా ఒక్కచోట నాకెవరూ చెప్పలేదు. జూన్ 23, 24 రెండు పూటలూ 9:30 నుంచి 1 దాకా అంటే ఎలా ఉంటుంది?

---

అకౌంట్స్_పద్మ · మే 11, మధ్యాహ్నం 12:22

ఆ రోజులు బాగానే ఉంటాయండీ. 20 శనివారం పడింది కాబట్టి 3బి ఆలస్యమైనా 22 సోమవారానికి అంతా సర్దుకుంటుంది.

---

గోదారి_సత్యం · మే 11, మధ్యాహ్నం 1:05

అమ్మా, మా అబ్బాయి బీకాం కంప్యూటర్స్ పూర్తి చేశాడు. రాజమండ్రిలో ఉంటాం. ఈ పైథాన్ ట్రైనింగ్ బయటివాళ్ళకి కూడా ఇస్తారా? ఫీజు ఎంత? సర్టిఫికెట్ ఇస్తే ఉద్యోగానికి పనికొస్తుందని అడుగుతున్నాను.

---

శ్రావణి_ట్రైనింగ్ · మే 11, మధ్యాహ్నం 1:20

సత్యం గారూ, ఇది మా కంపెనీ ఉద్యోగులకి మాత్రమేనండీ, బయటివాళ్ళకి లేదు. మీ అబ్బాయి గురించి ఉద్యోగాల విభాగంలో విడిగా అడగండి, అక్కడ చెప్పేవాళ్ళు ఉంటారు.

---

యాదగిరి_ఐటీ · మే 11, మధ్యాహ్నం 2:40

నేను పటాన్‌చెరు దిక్కు ఒక ఫ్యాక్టరీల ఐటీ సపోర్ట్ చూస్త. "పైథాన్ ముందే ఇన్‌స్టాల్ చేసుకుని రావాలి" అనే లైన్ చూస్తే మా సోంటోళ్ళకి గుండె దడ పుడ్తది. ఎవరు చేస్కోవాలె? కంపెనీ లాప్‌టాప్‌ల మీద యూజర్‌కి అడ్మిన్ హక్కు ఉండదు. ముందటి రోజు సాయంత్రం నాలుగింటికి 24 మంది టికెట్ కొడ్తరు. మేం ఇద్దరమే ఉంటం.

ముందు ఒకటి తెల్సుకోండి మేడమ్. మీ అకౌంట్స్‌ల ఎంతమందికి లాప్‌టాప్ ఉంది, ఎంతమందికి డెస్క్‌టాప్ ఉంది? మా దగ్గరైతే అకౌంట్స్‌ల సగం మంది డెస్క్‌టాప్ మీదనే ఉంటరు. "లాప్‌టాప్ తెచ్చుకోండి" అంటే వాళ్ళు యాడికెంచి తెస్తరు?

---

శ్రావణి_ట్రైనింగ్ · మే 11, మధ్యాహ్నం 3:30

ఇప్పుడే కనుక్కున్నాను. 24 మందిలో 9 మందికి డెస్క్‌టాప్‌లేనట. ఐటీ దగ్గర అరువిచ్చే లాప్‌టాప్‌లు 10 ఉన్నాయన్నారు. అంటే సరిపోతాయి కదా?

---

రమణమూర్తి_వి · మే 11, రాత్రి 8:15

కంపెనీల్లో ఇలాంటి క్లాసులు చాలా ఏళ్ళుగా చెబుతున్నాను. లెక్కకి సరిపోతాయి శ్రావణి గారూ, కానీ ఇక్కడే ఒక చిక్కు ఉంది. కాస్త వివరంగా రాస్తాను.

పైథాన్‌ని అడ్మిన్ హక్కు లేకుండా కూడా ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు. అలా చేస్తే అది ఆ యూజర్ ఫోల్డర్‌లోకి, అంటే `AppData\Local\Programs\Python` లోకి వెళుతుంది. ఆ మెషీన్‌లో ఆ ఒక్క యూజర్‌కే కనిపిస్తుంది. ఇప్పుడు మీ తొమ్మిది మంది తమ డెస్క్‌టాప్ మీద ముందస్తు పని బుద్ధిగా పూర్తి చేస్తారు. ట్రైనింగ్ రోజు అరువు లాప్‌టాప్ ముందు కూర్చుంటారు. దానిలో పైథాన్ ఉండదు. పోనీ ఐటీ వాళ్ళు ముందే వేసి పెట్టారనుకోండి, వాళ్ళ లాగిన్‌తో వేస్తే ఐటీ అబ్బాయికి పనిచేస్తుంది, పద్మ గారి లాంటి వాళ్ళు లాగిన్ అయితే మాయమవుతుంది. ఐటీ వాళ్ళు చూసి "మాకు వస్తోంది కదా" అంటారు. ఇద్దరూ చెప్పేది నిజమే. ఆ వాదనలోనే క్లాసులో మొదటి గంట పోతుంది.

కాబట్టి అరువు లాప్‌టాప్‌లలో ఐటీ వాళ్ళు అడ్మిన్‌గా, యూజర్లందరికీ వర్తించేలా వేయాలి. ఇన్‌స్టాలర్‌లో దానికి విడిగా ఒక టిక్ ఉంటుంది. ఏ లాప్‌టాప్ ఎవరిదో పేరుపేరునా ముందే కేటాయించాలి. ఆ మనిషి ఆఫీసు నెట్‌వర్క్ మీద ఉండగా ఒక్కసారైనా అందులో లాగిన్ అవ్వాలి. కంపెనీ లాగిన్ మొదటిసారి చేసేటప్పుడు మెషీన్ సర్వర్‌తో మాట్లాడాలి. ట్రైనింగ్ రూములో గెస్ట్ వైఫై మాత్రమే ఉంటే ఆ లాగిన్ జరగదు.

ర్యామ్ గురించి ఎవరైనా కంగారు పెడితే పట్టించుకోకండి. మీ పర్చేజ్ రిజిస్టర్ ఎంత పెద్దదైనా ఎక్సెల్ ఒక షీట్లో పట్టించేది 10,48,576 వరుసలే. నెలకి కొన్ని వేల వరుసల పని 8 జీబీ మెషీన్‌లో హాయిగా నడుస్తుంది. 4 జీబీ మెషీన్‌లో టీమ్స్, క్రోమ్, ఎక్సెల్ మూడూ తెరిచి కూర్చుంటే మాత్రం నెమ్మదిస్తుంది. అలాంటివి ఉంటే పక్కన పెట్టేయండి.

నవీన్ చెప్పిన కోల్యాబ్ గురించి కూడా ఒక మాట. క్లాసు వరకే చూస్తే అతను చెప్పింది నిజం, ఎర్రర్లు తగ్గుతాయి. మరి క్లాసయ్యాక నెల 14న అసలు 2బి వచ్చినప్పుడు ఏం చేస్తారు? సప్లయర్ల జీఎస్టిన్‌లు, ధరలు ఉన్న కంపెనీ ఫైల్‌ని సొంత గూగుల్ ఖాతాలోకి ఎక్కించలేరు, ఎక్కించకూడదు. మనం నేర్పేది వాళ్ళ టేబుల్ మీద వాళ్ళ మెషీన్‌లో పనిచేయాలి. అందుకే ఇన్‌స్టాలేషన్ కష్టమైనా అదీ ట్రైనింగ్‌లో భాగమే అంటాను.

---

నవీన్_కోడ్ · మే 11, రాత్రి 9:02

కంపెనీ డేటా సంగతి నాకు తట్టలేదు సార్, ఒప్పుకుంటున్నా. అలాంటప్పుడు అనకొండ వేయించండి. ఒక్క ఇన్‌స్టాలర్‌తో పైథాన్, పాండాస్, జుపిటర్ అన్నీ వచ్చేస్తాయి, విడిగా ఏదీ దించుకోనక్కర్లేదు.

---

యాదగిరి_ఐటీ · మే 11, రాత్రి 9:30

తమ్మీ, గది మా దగ్గర ఆడిట్‌ల దొరికింది. 200 మందికి పైన ఉద్యోగులున్న కంపెనీ అయితే అనకొండకి పైసల్ కట్టి లైసెన్స్ తీస్కోవాలె. కాలేజీల ఫ్రీగ వాడినం అని ఆఫీసుల గట్లనే వేస్తరు, తర్వాత మెయిల్ వస్తది. మేడమ్ కంపెనీల ఎంతమంది ఉన్నరో ముందు చూడాలె.

---

శ్రావణి_ట్రైనింగ్ · మే 12, ఉదయం 9:50

మేం 200 దాటే ఉన్నాం. కాబట్టి అనకొండ వద్దు, మామూలు పైథాన్ వేయిద్దాం. రమణమూర్తి గారూ, ముందస్తు పని అంటే సరిగ్గా ఏం ఇవ్వాలో, ఎప్పటికల్లా అడగాలో చెప్పగలరా? మా ఐటీలో కొత్త సాఫ్ట్‌వేర్‌కి అనుమతి రావడానికే పది పనిదినాలు పడుతుందన్నారు.

---

రమణమూర్తి_వి · మే 12, రాత్రి 7:40

తేదీ నుంచి వెనక్కి లెక్క వేసుకుంటూ రండి. క్లాసు జూన్ 23. పద్మ గారు చెప్పిన దాన్ని బట్టి 11 నుంచి 20 దాకా అకౌంట్స్ వాళ్ళని కదిలించలేం. కాబట్టి ఇన్‌స్టాలేషన్ జూన్ 10 లోపు అయిపోవాలి. ఐటీ అనుమతికి పది పనిదినాలంటే టికెట్ ఈ వారంలోనే వేయాలి. వేస్తే మే ఆఖరి వారానికి అనుమతి వస్తుంది. మీ మెయిల్ వెళ్ళాల్సింది అప్పుడు.

ముందస్తు పనిని రెండు ముక్కలు చేయండి. ఇన్‌స్టాలేషన్ ఎంత ముందు చేసినా పాడవదు. నేర్చుకునే భాగం అలా కాదు, జూన్ మొదటి వారంలో చదివింది 3బి హడావిడిలో పూర్తిగా ఎగిరిపోతుంది. దాన్ని జూన్ 22కి పెట్టండి. ఒక గంట చాలు.

మొదటి ముక్కకి రుజువు అడగండి. "ఇన్‌స్టాల్ చేశారా?" అని ఫారం పెడితే అందరూ "అవును" అనే నొక్కుతారు. అబద్ధమని కాదు. ఇన్‌స్టాలర్ "సక్సెస్‌ఫుల్" అని చూపించింది, వాళ్ళకి తెలిసింది అంతే. దానికి బదులు ఒక చిన్న ఫైల్ ఇచ్చి నడపమనండి. నేను వాడేది ఇలా ఉంటుంది:

```python
import sys
import pandas as pd
print(sys.version)
df = pd.read_excel("sample_2b.xlsx", dtype=str)
print(len(df), df["Invoice No"].iloc[0])
df.to_excel("ok.xlsx", index=False)
print("DONE")
```

`check.py`, `sample_2b.xlsx` రెండూ ఒకే ఫోల్డర్‌లో ఉండాలి. ఆ ఫోల్డర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి `py check.py` అని కొట్టాలి. శాంపిల్‌లో నేను కల్పించిన 40 ఇన్‌వాయిస్‌లు పెట్టాను, మొదటి దాని నంబరు 000123. తెర మీద `40 000123`, కింద `DONE` కనిపించాలి. దాని స్క్రీన్‌షాట్ మీకు పంపాలి. ఈ ఏడు లైన్లతో పైథాన్ ఉందని, పాండాస్ ఉందని, ఎక్సెల్ ఫైల్ చదవగలదని, రాయగలదని ఒకేసారి తేలిపోతుంది. వెర్షన్ కూడా తెలుస్తుంది.

ఆ మొదటి నంబరుకి ముందు సున్నాలు ఊరికే పెట్టలేదు. `dtype=str` తీసేసి నడిపితే అదే నంబరు 123 అయిపోతుంది. మీ రిజిస్టర్‌లో 000123 అని, 2బిలో 123 అని ఉంటే రెండూ కలవవు, క్రెడిట్ రాలేదనుకుని సప్లయర్‌కి ఫోన్ చేస్తారు. 22న ఇచ్చే గంట పని ఇదే పెట్టండి: ఆ మాట తీసి నడపండి, ఏం మారిందో రాసి తీసుకురండి. అకౌంట్స్ వాళ్ళకి ఇది వెంటనే ఎక్కుతుంది, ఎందుకంటే ఈ బాధ వాళ్ళు ఎక్సెల్‌లో రోజూ పడేదే.

---

అకౌంట్స్_పద్మ · మే 12, రాత్రి 8:25

అయ్యో, ఆ సున్నాలతో మేం పడే పాట్లు చెప్పనలవి కాదు. పోర్టల్ ఫైల్‌ని ఒకసారి సీఎస్‌వీగా సేవ్ చేసి ఎక్సెల్‌లో తెరిస్తే చాలు, అన్నీ పోతాయి. ఇది నేర్పిస్తారంటే నేనే వచ్చి కూర్చుంటాను!

జూన్ 10 గడువు గురించి ఒక మాట. జూన్ 1 నుంచి 6 దాకా టీడీఎస్ చూసేవాళ్ళు తీరికగా ఉండరు. 8, 9, 10 తేదీల్లో జీఎస్టీ చూసేవాళ్ళు సేల్స్ రిజిస్టర్ సరిచూసుకుంటూ ఉంటారు. అందరికీ ఒకే గడువు పెడితే ఎవరో ఒకరికి ఇబ్బందే. జీఎస్టీ వాళ్ళకి 5, టీడీఎస్ వాళ్ళకి 10 అని విడగొట్టండి.

---

యాదగిరి_ఐటీ · మే 12, రాత్రి 9:10

గా లెక్క మాకు కూడ మంచిదే. 24 మంది ఒక్కరోజు మీద పడకుండ సగం సగం వస్తరు.

ఇంకొకటి రాస్త. పాండాస్ దించుకునేటప్పుడు కొన్ని ఆఫీసులల్ల `CERTIFICATE_VERIFY_FAILED` అని వస్తది. ఆఫీసు ఫైర్‌వాల్ మధ్యల నిలబడి ట్రాఫిక్ చూస్తది గదా, పాండాస్‌ని దించే పిప్‌కి ఆ సర్టిఫికెట్ నచ్చదు. ఇంట్ల వైఫై మీద అయితే మంచిగనే అయితది, ఆఫీసుకి వస్తే కాదు. 24 మందిని ఇంటర్నెట్ మీదికి తోలకుండ్రి. ఒక్క మెషీన్ల ఒక్కసారి దించి ఫోల్డర్ల పెట్టి ఇయ్యండి:

```
py -m pip download -d wheels pandas openpyxl
```

ఆ `wheels` ఫోల్డర్‌ని అందరికీ కాపీ చేసి ఇట్ల చెయ్యమనాలె:

```
py -m pip install --no-index --find-links wheels pandas openpyxl
```

నెట్ అక్కర్లేదు. కాని అందరి దగ్గర ఒకటే పైథాన్ వెర్షన్ ఉండాలె. మీరు 3.12 మీద దించి ఇస్తే, ఒకాయన ఎక్కువ తెలివితోని వెబ్‌సైట్‌కి పోయి వేరే వెర్షన్ వేస్కుంటడు, గాయనకి `No matching distribution found` అని వస్తది. అందుకే ఇన్‌స్టాలర్ కూడ అదే ఫోల్డర్ల పెట్టుండ్రి, లింక్ ఇయ్యకుండ్రి.

---

విశాఖ_వాసు · మే 13, ఉదయం 8:30

ఇదంతా చదివాక నాకు ఒకటి అడగాలనిపిస్తోందండీ. ఈ ముందస్తు పని ఎప్పుడు చేయాలి? మా కంపెనీలో ఇలాగే ఒక ట్రైనింగ్‌కి ముందు వీడియోలు, క్విజ్‌లు ఇచ్చారు. ఆఫీసు టైంలో చేస్తే మేనేజరు "పని వదిలేసి ఇదేంటి" అంటారు. చివరికి ఆదివారం ఇంట్లో కూర్చుని చేశాం. పూర్తి చేయనివాళ్ళని క్లాసులోకి రానివ్వలేదు. అది న్యాయమా?

---

డల్లాస్_కిరణ్ · మే 13, ఉదయం 9:15

వాసు గారూ, ఇక్కడ అమెరికాలో గంటల లెక్కన జీతం తీసుకునేవాళ్ళ విషయంలో దీనికి చట్టమే ఉంది. ఉద్యోగానికి సంబంధించిన, తప్పనిసరి చేసిన ట్రైనింగ్‌కి పట్టిన సమయం పని సమయమే, డబ్బు ఇవ్వాల్సిందే. అందుకే మా దగ్గర ముందస్తు పని ఇచ్చేటప్పుడు "దీనికి ఇన్ని గంటలు" అని రాసి, ఆ గంటల్ని టైమ్‌షీట్‌లో వేసుకోమంటారు. నెలజీతం వాళ్ళకి ఇది వర్తించకపోవచ్చు. అయినా గంటలు రాసి పెట్టడం మంచి అలవాటు, మేనేజరుకి కూడా ఎంత పడుతుందో తెలుస్తుంది.

---

శ్రావణి_ట్రైనింగ్ · మే 13, ఉదయం 10:40

నేను ఇన్‌స్టాలేషన్‌కి 45 నిమిషాలు, 22న ఒక గంట అని రాసి, రెండూ ఆఫీసు క్యాలెండర్‌లో బ్లాక్ చేయిస్తాను. అకౌంట్స్ హెడ్ గారి చేతనే ఆ ఇన్విటేషన్ పంపించమని అడుగుతాను. నా పేరుతో వెళితే మేనేజర్లు పక్కన పెట్టేస్తారు.

రానివ్వకపోవడం గురించి నాకూ సందేహంగానే ఉంది. స్క్రీన్‌షాట్ పంపనివాళ్ళని ఏం చేయాలి?

---

రమణమూర్తి_వి · మే 13, సాయంత్రం 6:20

నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను. రానివ్వకూడదు, కానీ వదిలేయకూడదు. జూలై 21 తర్వాత రెండో బ్యాచ్ ఉందని మొదటి మెయిల్‌లోనే రాయండి. జూలై ఆఖరులో టీడీఎస్ త్రైమాసిక రిటర్న్ ఉంటుంది, ఆ పని చూసేవాళ్ళని మాత్రం మొదటి బ్యాచ్‌లోనే లాగేయండి. పది మందికి పైథాన్ సిద్ధంగా ఉండి, ఇద్దరికి లేకపోతే, ట్రైనర్ ఆ ఇద్దరి వెనకే నిలబడిపోతాడు. సిద్ధమై వచ్చిన పది మంది ఫోన్లు చూసుకుంటూ కూర్చుంటారు. శ్రమపడి వచ్చినవాళ్ళకి జరిగే అన్యాయం అది.

ఇక మీ మెయిల్‌లోని మొదటి లైన్. "ఎక్సెల్ ప్రాథమిక పరిజ్ఞానం" అంటే ఎవరికి వారు తమకు ఉందనే అనుకుంటారు. దాని బదులు మూడు ప్రశ్నలు అడగండి. గత నెల 2బి పోలిక మీరే స్వయంగా చేశారా? వీలుకప్‌లో #N/A వస్తే కారణం వెతకగలరా? జిప్ ఫైల్ విప్పితే అది ఏ ఫోల్డర్‌లోకి వెళ్ళిందో కనుక్కోగలరా?

మూడోదే ముఖ్యం. సీనియర్ అకౌంటెంట్లు కూడా ఫైల్‌ని "రీసెంట్" జాబితా నుంచే తెరుస్తారు, అది ఎక్కడుందో వాళ్ళకి అవసరం పడదు. పైథాన్‌కి ఫోల్డర్ చెప్పాలి. జిప్‌ని విప్పకుండా లోపలే `check.py` మీద డబుల్ క్లిక్ చేస్తారు, `FileNotFoundError` వస్తుంది, కొందరికైతే నల్ల కిటికీ మెరిసి మాయమవుతుంది. దాన్ని చూసి పైథాన్ పాడైందనుకుంటారు. మూడో ప్రశ్నకి "లేదు" అన్నవాళ్ళని వద్దనకండి, 22న వాళ్ళ పక్కన ఒకరిని కూర్చోబెట్టండి.

---

విశాఖ_వాసు · మే 13, సాయంత్రం 7:05

రమణమూర్తి గారూ, మీరు చెప్పింది ట్రైనర్ వైపు నుంచి సరేనండీ. నేను ఒప్పుకోలేకపోతున్నాను. ఐటీ టికెట్ ఆలస్యమై ఒకరికి ఇన్‌స్టాల్ కాలేదనుకోండి, తప్పెవరిది? క్లాసుకి పంపకపోతే హెచ్ఆర్ రికార్డులో "పూర్తి చేయలేదు" అని పడేది ఆ ఉద్యోగి పేరు మీదే.

---

రమణమూర్తి_వి · మే 13, సాయంత్రం 7:30

అది నిజమే. గడువులోపు టికెట్ వేసినవాళ్ళని, అసలు వేయనివాళ్ళని ఒకే గాటన కట్టకూడదు. టికెట్ వేసినవాళ్ళకి అరువు లాప్‌టాప్ ఇచ్చి కూర్చోబెట్టాలి. 10లో 9 పోగా ఒకటే మిగులుతుంది, అక్కడ శ్రావణి గారికి ఇరుకే. ఇంకో రెండు దొరుకుతాయేమో చూడండి.

---

శ్రావణి_ట్రైనింగ్ · జూన్ 6, ఉదయం 11:15

ఎక్కడిదాకా వచ్చిందో చెప్తాను. జీఎస్టీ చూసే 13 మందికి నిన్నటితో గడువు ముగిసింది. 10 మంది `DONE` స్క్రీన్‌షాట్ పంపారు. మిగతా ముగ్గురి సంగతి ఇదీ.

ఒకరికి `python` అని కొడితే మైక్రోసాఫ్ట్ స్టోర్ తెరుచుకుంటోందట. ఇంకొకరికి మొదటిసారి అంతా వచ్చింది, రెండోసారి నడిపితే `PermissionError: [Errno 13] Permission denied: 'ok.xlsx'` అని వస్తోంది. మూడో ఆయన ఇంకా తెరవలేదు, మేనేజరు వదలడం లేదన్నారు.

---

యాదగిరి_ఐటీ · జూన్ 6, ఉదయం 11:40

మొదటామెకి `python` కాదు, `py check.py` అని కొట్టమనుండ్రి. మెయిల్ల `py` అనే ఉంటది, అలవాటు కొద్ది ఎవరో చెప్పిన తీరు కొట్టి ఉంటరు. `python` కొట్టినప్పుడు స్టోర్ రావద్దంటే సెట్టింగ్స్‌ల `App execution aliases` అని వెతికి, అందుల `python.exe`, `python3.exe` రెండూ ఆఫ్ చెయ్యాలె. విండోస్‌ల ఆ పేరు మీద ఉత్త షార్ట్‌కట్ పెట్టి స్టోర్‌కి తోల్తరు.

రెండో ఆయన `ok.xlsx` ని ఎక్సెల్‌ల తెరిచి చూస్తున్నడు. అది మూసి మళ్ళ నడపమనుండ్రి. ఎక్సెల్ పట్టుకున్న ఫైల్ మీద పైథాన్ రాయలేదు.

---

శ్రావణి_ట్రైనింగ్ · జూన్ 6, మధ్యాహ్నం 2:20

రెండూ అలాగే తీరాయి యాదగిరి గారూ! ఆయన నిజంగానే ఫైల్ తెరిచి పెట్టుకుని, లోపల 40 వరుసలూ ఉన్నాయో లేదో లెక్కపెడుతున్నారట.

---

అకౌంట్స్_పద్మ · జూన్ 6, మధ్యాహ్నం 2:45

అకౌంటెంట్ అన్నాక లెక్కపెట్టకుండా ఎలా ఉంటారండీ. ఆయన్ని ముందు వరుసలో కూర్చోబెట్టండి, ఎక్కడ తేడా వచ్చినా ఆయనే పట్టుకుంటారు.

---

రమణమూర్తి_వి · జూన్ 6, రాత్రి 8:00

ఇద్దరి తంటా క్లాసుకి రెండు వారాల ముందే బయటపడింది. 23న పడి ఉంటే ఒక్కోదానికి పది నిమిషాలు పోయేవి. అరువు లాప్‌టాప్‌ల తొమ్మిది మందీ ఆ లాప్‌టాప్ మీదే స్క్రీన్‌షాట్ తీశారా, లేక డెస్క్‌టాప్ మీదా? స్క్రీన్‌షాట్‌లో కమాండ్ ప్రాంప్ట్ ఫోల్డర్ దారి, యూజర్ పేరు కనిపిస్తాయి కానీ మెషీన్ పేరు కనిపించదు. `hostname` అని ఇంకో కమాండ్ కొట్టి, అది కూడా స్క్రీన్‌షాట్‌లో వచ్చేలా పంపమనండి.

---

శ్రావణి_ట్రైనింగ్ · జూన్ 8, ఉదయం 10:05

అడిగాను. ఆ తొమ్మిది మందిలో ఇప్పటిదాకా స్క్రీన్‌షాట్ పంపింది ఐదుగురు. `hostname` చూస్తే అందులో నలుగురివి డెస్క్‌టాప్ మీద తీసినవే. అరువు లాప్‌టాప్‌లు ఇంకా ఐటీ అల్మారాలోనే ఉన్నాయి! రేపు ఉదయం తొమ్మిది మందినీ ఆఫీసు నెట్‌వర్క్ ఉన్న రూములో అరగంట కూర్చోబెట్టి, ఎవరి లాప్‌టాప్‌లో వాళ్ళని లాగిన్ చేయించి, అక్కడే `check.py` నడిపిస్తాను. పేర్లు స్టిక్కర్ మీద రాసి అంటించేశాం. చార్జర్లు 7 మాత్రమే ఉన్నాయట, మిగతావాటి కోసం స్టోర్స్‌కి ఇండెంట్ పెట్టాను.

మేనేజరు వదలని మూడో ఆయన విషయం అకౌంట్స్ హెడ్ గారి దగ్గరికి తీసుకెళ్ళాను. "10 దాకా చూద్దాం" అన్నారు. వాసు గారూ, ఆయన్ని రెండో బ్యాచ్‌కి తోస్తే రికార్డులో ఏమని రాయాలో నాకింకా తేలలేదు. "వాయిదా" అని రాయొచ్చా అని హెచ్ఆర్‌ని అడిగాను, జవాబు రాలేదు.

---

విశాఖ_వాసు · జూన్ 8, ఉదయం 10:30

"పని ఒత్తిడి వల్ల వాయిదా" అని కారణంతో సహా రాయించండి. ఉత్త "వాయిదా" అంటే ఆర్నెల్ల తర్వాత అప్రైజల్‌లో ఎవరికీ గుర్తుండదు. హెచ్ఆర్ ఒప్పుకుంటారో లేదో ఇక్కడ చెప్పండి, మా దగ్గర కూడా అడుగుతాం.

---

యాదగిరి_ఐటీ · జూన్ 8, ఉదయం 11:00

మేడమ్, ట్రైనింగ్ రూముల ప్లగ్ పాయింట్లు కూడ లెక్కపెట్టుండ్రి. 24 లాప్‌టాప్‌లకి గోడకున్న ఆరు సాకెట్లు సాలవు. ఎక్స్‌టెన్షన్ బాక్సులు 22 సాయంత్రమే పెట్టి, ఒకసారి అన్నీ ఆన్ చేసి చూస్కోండి.